పెడిగ్రీ ప్రశ్నని చార్ట్ లేకుండా టైప్ చేసి పంపడం ఎలా (గుర్తులు, తరాలు, అడిగిన లక్షణం పోకుండా)

సెకండ్ ఇయర్ బైపీసీ వాళ్లకి జెనెటిక్స్ మొదలవ్వగానే ప్రతి ఏడాది నాకు ఇదే మెసేజ్ వస్తుంది. "మేడమ్, కింది పెడిగ్రీలో IV-1 కి జబ్బు వచ్చే ప్రాబబిలిటీ ఎంత? ఆప్షన్స్ 1/6, 1/8, 1/16, 1/18" అని ఉంటుంది, కింద చూస్తే పెడిగ్రీనే ఉండదు. పీడీఎఫ్ నుంచి కాపీ చేసినప్పుడు అక్షరాలు వచ్చి బొమ్మ రాకపోవడం ఒకటి, హాస్టల్లో ఉన్న పిల్లలు ఆదివారం ఇంటికి ఫోన్ చేసి అమ్మకి చదివి వినిపిస్తే అమ్మ విన్నది విన్నట్టు టైప్ చేసి పంపడం ఇంకొకటి. చార్ట్ పంపమంటే "పుస్తకం రూమ్‌లో ఉండిపోయింది మేడమ్" అంటారు, మళ్లీ వచ్చే ఆదివారం దాకా ఆ డౌట్ అలాగే ఉండిపోతుంది.

ఫోటో తీయగలిగితే తీయండి, నేను వద్దనను. కానీ ఫోటో ఒక్కటే నమ్ముకోకండి. మన గుంటూరులో, బెజవాడలో తిరిగే మెటీరియల్ చాలావరకు జిరాక్స్‌కి జిరాక్స్ తీసింది, అందులో సగం నింపిన గుండ్రం పూర్తి నల్లగా పడుతుంది, మధ్యలో ఉండాల్సిన చుక్క మాయమైపోతుంది. లెనిన్ సెంటర్‌లో కొన్న పాత పుస్తకం అయితే ముందు చదివినవాళ్లు పెన్సిల్‌తో నింపిన గడి కూడా ప్రింట్‌లో ఉన్న గడి లాగే కనిపిస్తుంది. అందుకే ఫోటో ఉన్నా లేకపోయినా చార్ట్‌ని మాటల్లో కూడా రాయడం వచ్చి ఉండాలి. ఇది కొత్తగా కనిపెట్టిన పద్ధతేమీ కాదు, జెనెటిక్స్ రీసెర్చ్‌లో వాడే సాఫ్ట్‌వేర్‌లు కూడా కుటుంబాన్ని బొమ్మగా దాచుకోవు, మనిషికి ఒక లైన్ చొప్పున ఎవరు, తండ్రి ఎవరు, తల్లి ఎవరు, ఆడా మగా, జబ్బు ఉందా లేదా అని ఒక పట్టికలా దాచుకుంటాయి. మనం చేసేదీ అదే.

కావాల్సినవి

ప్రశ్న ఉన్న ఒరిజినల్ పేజీ, ఒక తెల్ల కాగితం, పెన్ను. ఫోన్‌లో ఇంగ్లీష్ కీబోర్డ్ పెట్టుకోండి. తెలుగు అక్షరాలు ఇచ్చే ట్రాన్స్‌లిటరేషన్ కీబోర్డ్‌లో aa అని కొడితే "ఆ" అయిపోతుంది. ఆటో క్యాపిటలైజేషన్ అని సెట్టింగ్స్‌లో ఉంటుంది, దాన్ని కూడా ఆపేయండి, ఎందుకో మూడో స్టెప్‌లో చెప్తాను. చివరగా చార్ట్ చూడని మనిషి ఒకరు కావాలి, రూమ్‌మేట్ అయినా చాలు.

1. ముందు ప్రతి మనిషికీ నంబర్ వేయండి

పై వరస I, దాని కింద II, తర్వాత III, IV. ప్రతి వరసలో ఎడమ నుంచి కుడికి 1, 2, 3. బయట నుంచి పెళ్లి చేసుకుని వచ్చిన వాళ్లకి కూడా నంబర్ ఉంటుంది, చాలామంది వాళ్లని వదిలేసి తోబుట్టువులకే వేస్తారు, దాంతో పుస్తకంలో II-4 అంటే ఒకరు మీ మెసేజ్‌లో II-4 అంటే ఇంకొకరు అవుతారు. పుస్తకంలోనే నంబర్లు వేసి ఉంటే మీ సొంత నంబర్లు వేయకండి, అవే వాడండి.

టైప్ చేసేటప్పుడు రెండు అనడానికి పెద్ద ఐ అక్షరం రెండుసార్లు కొట్టాలి. చిన్న ఎల్ కొట్టినా స్క్రీన్ మీద అలాగే కనిపిస్తుంది కానీ వేరే ఫోన్‌లో ఫాంట్ మారితే ll-4 అని పడుతుంది, కొందరు దాన్ని పదకొండు అని చదువుతారు. భయంగా ఉంటే 2-4 అని రాసి, పైన "మొదటి అంకె తరం, రెండోది మనిషి" అని ఒక ముక్క రాయండి, అదీ బాగానే ఉంటుంది.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది, మేనరికం ప్రశ్నలు. మేనమామ మేనకోడల్ని చేసుకుంటే పెళ్లి గీత రెండో తరం నుంచి మూడో తరానికి ఏటవాలుగా వెళ్తుంది. టైప్ చేసేవాళ్లు మొగుడూ పెళ్లాం ఒకే వరసలో ఉండాలి కదా అని మేనమామని మూడో తరంలోకి దింపేస్తారు. అలా దింపితే అతనికీ ఆమె తల్లికీ ఉన్న అక్కాతమ్ముళ్ల సంబంధం మెసేజ్‌లోంచి పోయినట్టే, ఇక లెక్క మొత్తం తప్పు. మేనమామ తన తరంలోనే ఉంటాడు, పుట్టిన బిడ్డ మాత్రం తల్లి కింద వరసలో ఉంటుంది.

2. మనిషికి ఒక లైన్

గడి అంటే మగ, గుండ్రం అంటే ఆడ, డైమండ్ అంటే ఆడో మగో చెప్పలేదు అని. డైమండ్ లోపల 5 అని ఉంటే జబ్బు లేని ఐదుగురు పిల్లలు అని అర్థం, ఐదో నంబర్ మనిషి అని కాదు. నింపి ఉంటే జబ్బు ఉంది. సగం నింపినా, మధ్యలో చుక్క ఉన్నా క్యారియర్. మామూలు పెళ్లికి ఒక గీత, దగ్గరి రక్తసంబంధం అయితే రెండు గీతలు.

మగ, ఆడ గుర్తుల బొమ్మలు టైప్ చేయకండి, కొన్ని ఫోన్లలో అవి ఖాళీ డబ్బాలుగా పడతాయి. M, F చాలు. జబ్బు ఉంటే +, లేకపోతే -, క్యారియర్ అని చార్ట్‌లోనే చూపిస్తే c. తెలియకపోతే ? పెట్టండి, ఖాళీ మాత్రం వదలకండి. ఖాళీ వదిలితే చదివేవాళ్లు "జబ్బు లేదు" అనుకుంటారు. ఆ తర్వాత అమ్మానాన్నల నంబర్లు.

పైన చెప్పిన మెసేజ్‌లో పోయిన చార్ట్ ఇలా ఉండాల్సింది:

```
I-1    M  -  out
I-2    F  -  out
II-1   M  -  out
II-2   F  -  I-1 x I-2
II-3   M  +  I-1 x I-2
II-4   M  -  I-1 x I-2
III-1  F  -  II-1 x II-2
IV-1   ?  ?  II-4 x III-1
```

out అంటే అమ్మానాన్నలు చార్ట్‌లో లేరు అని. చివరి లైన్ చూడండి, II-4 కి III-1 మేనకోడలు. రెండు గీతలు అని విడిగా రాయకపోయినా నంబర్లు పట్టుకుని వెనక్కి వెళ్తే సంబంధం దానంతట అదే బయటపడుతుంది. అయినా కింద "II-4, III-1 మధ్య రెండు గీతలు" అని రాయండి, నంబర్ ఎక్కడైనా తప్పు కొడితే దీనితో దొరుకుతుంది.

నంబర్లు వేయడం కుదరక ఫోన్‌లో నోటితో చెప్పాల్సి వస్తే "అంకుల్", "కజిన్" అనకండి. మేనమామ, మేనత్త కొడుకు అని మన వరసలే చెప్పండి, తల్లి వైపో తండ్రి వైపో కూడా అందులోనే వచ్చేస్తుంది. బాబాయి, పెద్దమ్మ లాంటి వరసలు రెండు వైపులా ఉంటాయి కాబట్టి నాన్న తమ్ముడు, అమ్మ అక్క అని విడమరిచి చెప్పండి.

వాట్సాప్‌లో పంపేటప్పుడు ఈ పట్టిక వరసలు చెదిరిపోకుండా ఉండాలంటే ముందు మూడు, వెనక మూడు బ్యాక్‌టిక్‌లు పెట్టండి, అప్పుడు అక్షరాలన్నీ ఒకే వెడల్పులో పడతాయి. అది దొరక్కపోతే మధ్యలో కామాలు పెట్టినా చాలు.

3. జీనోటైప్‌లు, క్రాస్‌లు

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. ఫోన్ కీబోర్డ్ లైన్ మొదట్లో వచ్చే అక్షరాన్ని తనంతట తనే పెద్దది చేసేస్తుంది. మీరు aa అని కొడితే అది Aa అయి కూర్చుంటుంది, అంటే జబ్బు ఉన్న మనిషి కాస్తా క్యారియర్ అయిపోయాడు. తప్పు స్పెల్లింగ్ అయితే కంటికి తెలుస్తుంది, Aa చూస్తే తప్పులా కనిపించదు, అందుకే ఇది ఎవరికీ దొరకదు. ఆటో క్యాపిటలైజేషన్ ఆపమన్నది దీనికే. ఆపడం తెలియకపోతే లైన్‌ని జీనోటైప్‌తో మొదలుపెట్టకండి, ముందు మనిషి నంబర్ రాసి తర్వాత జీనోటైప్ రాయండి.

వాయిస్ టైపింగ్ అసలు వద్దు, పెద్ద A చిన్న a రెండూ "ఏ ఏ" అనే పడతాయి. అమ్మకి ఫోన్‌లో చెప్తుంటే ప్రతిసారీ "పెద్ద ఏ, చిన్న ఏ" అని విడమరిచి చెప్పండి. మీరే అక్షరం ఎంచుకునే అవకాశం ఉంటే A, R లాంటివి తీసుకోండి. C, S, W లాంటివి పెద్దదీ చిన్నదీ ఒకే ఆకారం, నోట్‌బుక్‌లో చేత్తో రాసింది చూసి టైప్ చేసేటప్పుడు కచ్చితంగా తారుమారవుతాయి.

పైన చిన్నగా రాసే అక్షరాలు కాపీ చేసినప్పుడు కిందకి దిగిపోతాయి. ఎక్స్ లింక్డ్ ప్రశ్నల్లో, రక్తం గ్రూపుల్లో ఇది తప్పకుండా జరుగుతుంది. ^ గుర్తు పెట్టి ఇలా రాయండి:

```
X^H X^h   x   X^H Y
I^A i     x   I^B i
Hb^A Hb^S x   Hb^A Hb^S
```

^ లేకుండా IAi x IBi అని వస్తే పుస్తకం ఎదురుగా ఉన్నవాళ్లకి అర్థమవుతుంది కానీ మామూలుగా చదివేవాళ్లకి అవి వేరే వేరే జీన్లలా కనిపిస్తాయి. క్రాస్‌కి చిన్న x వాడండి, నక్షత్రం గుర్తు వద్దు, వాట్సాప్‌లో పదానికి రెండు పక్కలా నక్షత్రాలు పడితే ఆ పదం బోల్డ్ అయ్యి నక్షత్రాలు మాయమవుతాయి.

క్రాస్‌లో ఆడ పేరెంట్‌ని ముందు రాయడం ఆనవాయితీ, అయినా F, M అని పక్కన రాసేయండి. మోర్గాన్ 1910 లో చేసిన తెల్ల కళ్ల ఈగ క్రాస్‌లే తీసుకోండి. ఎర్ర కళ్ల ఆడ ఈగని తెల్ల కళ్ల మగ ఈగతో కలిపితే F1 లో అన్నీ ఎర్రకళ్లే. తిరగేసి తెల్ల కళ్ల ఆడ ఈగ, ఎర్ర కళ్ల మగ ఈగ తీసుకుంటే F1 లో ఆడవి ఎర్రవి, మగవి తెల్లవి. "ఎర్ర x తెల్ల" అని మాత్రమే టైప్ చేసి F1 ఎంత అని అడిగితే ఈ రెండిట్లో ఏది చెప్పాలి?

F1 కి ఏం చేశారో కూడా రాయాలి. దాన్ని దానితోనే కలిపారా, రిసెసివ్ పేరెంట్‌తో కలిపారా? Tt ని సెల్ఫ్ చేస్తే పొడుగు పొట్టి 3:1, tt తో టెస్ట్ క్రాస్ చేస్తే 1:1. "తర్వాతి తరంలో" అని ఊరుకుంటే సరిపోదు.

4. ఏ లక్షణం అడిగారో ఒక లైన్ విడిగా రాయండి

నింపిన గుర్తు అంటే జబ్బే అవ్వాలని రూలేం లేదు. నాలుక మడత పెట్టగలగడం, పీటీసీ చేదు తెలియకపోవడం లాంటివి కూడా నింపి చూపిస్తారు. "నింపినవాళ్లు పీటీసీ రుచి తెలియనివాళ్లు" అని ఇచ్చి ప్రశ్నలో "రుచి తెలిసే బిడ్డ పుట్టే అవకాశం" అడిగితే జవాబు తిరగబడుతుంది. కాబట్టి నింపిన గుర్తుకి అర్థం ఏంటి అని ఒకటి, ప్రశ్నలో అడిగింది ఏంటి అని ఒకటి, రెండూ రాయండి.

రెండోది "ఎవరిలో" అన్న మాట. "F2 లో పొడుగు హోమోజైగస్ ఎంత" అంటే 1/4, "F2 లోని పొడుగు మొక్కల్లో హోమోజైగస్ ఎంత" అంటే 1/3. ఆ "మొక్కల్లో" అన్న ముక్క చాలామంది తొందరలో వదిలేస్తారు. అలాగే బిడ్డ అన్నారా, కొడుకు అన్నారా, కూతురు అన్నారా అనేది ప్రశ్నలో ఉన్నట్టే దింపండి.

మూడోది, పుస్తకం ఇచ్చింది వేరు మీరు అనుకున్నది వేరు, రెండూ కలపకండి. "ఆటోసోమల్ రిసెసివ్" అని ప్రశ్నలోనే ఉందా, లేక చార్ట్ చూసి మీరు తేల్చారా? బయట నుంచి వచ్చిన అల్లుడు క్యారియర్ కాదు అని వాళ్లు చెప్పారా, అరుదైన జబ్బు కదా అని మీరు అనుకున్నారా? అడిగింది కూడా కలిపి ఇలా మూడు వరసలు పెట్టుకోండి:

```
ఇచ్చింది: ఆటోసోమల్ రిసెసివ్, II-1 = AA
నేను అనుకున్నది: I-1, I-2 ఇద్దరూ Aa
అడిగింది: IV-1 కి జబ్బు వచ్చే ప్రాబబిలిటీ
```

5. పై కేసు ఒకసారి చేసి చూద్దాం

ఎక్కడ ఏ ముక్క పోతే జవాబు ఎక్కడికి పోతుందో తెలియాలంటే చేసి చూడాల్సిందే.

I-1, I-2 ఇద్దరికీ జబ్బు లేదు, కొడుకు II-3 కి ఉంది. ఆటోసోమల్ రిసెసివ్ అని ఇచ్చారు కాబట్టి తల్లిదండ్రులిద్దరూ Aa. వాళ్ల పిల్లల్లో జబ్బు లేనివాళ్లని మాత్రమే చూస్తే ఒక వంతు AA, రెండు వంతులు Aa, అంటే II-4 క్యారియర్ అయ్యే అవకాశం 2/3, అక్క II-2 కి కూడా అంతే. II-1 AA కాబట్టి III-1 క్యారియర్ అవ్వాలంటే తల్లి క్యారియర్ అయి, ఆ a కూతురికి రావాలి, 2/3 x 1/2 = 1/3. ఇద్దరూ క్యారియర్లయితే బిడ్డకి జబ్బు 1/4.

```
2/3 x 1/3 x 1/4 = 1/18
```

ఇప్పుడు "ఆటోసోమల్" అన్న మాట పోయి ఎక్స్ లింక్డ్ రిసెసివ్ అనుకుంటే? ఈ చార్ట్‌లో జబ్బు ఉన్నది ఒక్క మగవాడికే కాబట్టి అది కూడా సరిపోతుంది. అప్పుడు I-2 కచ్చితంగా క్యారియర్, II-2 కి 1/2, III-1 కి 1/4. కొడుకు పుడితే జబ్బు 1/8, కొడుకో కూతురో చెప్పకుండా బిడ్డ అంటే 1/16. కూతురికి సున్నా, ఎందుకంటే II-4 కి జబ్బు లేదు, అతని మంచి ఎక్స్ కూతురికి వస్తుంది. ఈ కేసులో మేనరికంతో పనే లేదు, బయట నుంచి జబ్బు లేని అబ్బాయి వచ్చినా ఇదే లెక్క.

ఆటోసోమల్‌గానే ఉంచి II-4 గడి నింపి ఉందని పొరపాటున + కొట్టారనుకోండి, అతను aa అవుతాడు, 1/3 x 1/2 = 1/6. మెసేజ్‌లో ఉన్న ఆప్షన్లు మళ్లీ చూడండి, 1/6, 1/8, 1/16, 1/18. నాలుగూ ఏదో ఒక చార్ట్‌కి కరెక్టే. అందుకే చార్ట్ లేకుండా ఆప్షన్లు మాత్రమే పంపితే ఎవరూ ఏమీ చెప్పలేరు.

రెండు గీతలు పోయి III-1 బయట AA అబ్బాయిని చేసుకుందని చదివితే జవాబు సున్నా. ఇక II-3 గడి బదులు గుండ్రం అయ్యుంటే ఎక్స్ లింక్డ్ రిసెసివ్ అనే మాటే ఉండదు, జబ్బు లేని తండ్రికి జబ్బు ఉన్న కూతురు అందులో పుట్టదు కదా. ఒక్క M, F తారుమారైతే ప్రశ్నే మారిపోతుంది.

మరి ఈ నాలుగు ఆప్షన్లలో లేనిది, 1/32, చాలామందికి వస్తుంది. 2/3 బదులు 1/2 వేస్తే అదే వస్తుంది. ఇది టైపింగ్ తప్పు కాదు, ఆ మనిషి aa కాదని ముందే తెలిసినా aa అనే అవకాశాన్ని లెక్కలోంచి తీసేయకపోవడం. మీకు 1/32 వచ్చి ఆప్షన్లలో లేకపోతే చార్ట్‌ని అనుమానించే ముందు ఇది చూసుకోండి.

6. పంపే ముందు చెక్ చేయడం

మనుషుల్ని లెక్కపెట్టండి. చార్ట్‌లో ఎన్ని గుర్తులో పట్టికలో అన్ని లైన్లు, ఇక్కడ ఎనిమిది. నింపిన గుర్తులెన్నో + లు అన్నే, ఇక్కడ ఒకటి.

out అని లేని ప్రతి లైన్లో ఇద్దరు పేరెంట్స్ ఉన్నారా, ఒకరు M ఒకరు F అయ్యారా చూడండి. ఇద్దరూ F వస్తే నంబర్ ఎక్కడో జారింది. పేరెంట్ తన బిడ్డ ఉన్న తరంలోనో, ఇంకా కిందో పడితే అదీ తప్పే.

తర్వాత చార్ట్ చూడని రూమ్‌మేట్‌కి మెసేజ్ మాత్రమే ఇచ్చి కాగితం మీద గీయమనండి. పక్కన నిలబడి చెప్పకండి, చెప్తే మెసేజ్‌లో లేనిది మీ నోట్లోంచి వచ్చేస్తుంది. గీసింది పుస్తకం పక్కన పెట్టి చూడండి. ఎడమ కుడి మారినా పర్లేదు, ఎవరికి ఎవరు పుట్టారు, ఎవరు నింపి ఉన్నారు అన్నవి కలవాలి. రూమ్‌మేట్ ఎక్కడ ఆగి "ఇతను ఎవరి కొడుకు?" అని అడిగాడో ఆ లైన్ సరిచేయండి. ఎవరూ దొరక్కపోతే పుస్తకం మూసేసి, ఓ గంట ఆగి మీరే గీయండి, వెంటనే గీస్తే జ్ఞాపకం నుంచి గీస్తారు.

జిరాక్స్‌లో గుర్తు నల్లగా ఉందో సగం నల్లగా ఉందో తేలకపోతే ఏదో ఒకటి అనుకుని + కొట్టేయకండి. "II-2 నింపి ఉందో సగమో తెలియట్లేదు" అని రాయండి. చాలాసార్లు మిగతా చార్ట్‌ని బట్టి మేమే చెప్పగలం. ఉదాహరణకి రిసెసివ్ జబ్బు అయి తల్లిదండ్రులిద్దరూ నింపి ఉంటే పిల్లలందరూ నింపి ఉండాల్సిందే, ఒక్కరు ఖాళీగా కనిపించినా పైన ఎవరో ఒకరు సగం నింపినవాళ్లై ఉంటారు, జిరాక్స్ మిషన్ వాళ్లని నల్లగా చేసింది.

చివరగా మీకు వచ్చిన జవాబు, పుస్తకం వెనక కీలో ఉన్న జవాబు రెండూ మెసేజ్ కింద పెట్టండి. మీకు 1/16, కీలో 1/18 అని ఉంటే మీరు ఎక్స్ లింక్డ్‌గా చేశారని పట్టిక చూడకముందే నాకు తెలిసిపోతుంది, జవాబు కూడా ఆ పూటే వస్తుంది.